పూనకం: తెలంగాణ జాతరల్లో శిగం, మానవశాస్త్రం చెప్పే కారణాలు

దేవతో, వీరుడో, చనిపోయిన బంధువో ఒక మనిషి ఒంట్లోకి వచ్చి ఆ నోటితో మాట్లాడుతున్నట్టు చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకున్న స్థితి పూనకం. తెలంగాణలో దీన్ని శిగం అంటారు. శిగం వచ్చింది, శిగమూగుతున్నది, అమ్మ మీదికొచ్చింది అని చెప్పుకుంటారు. దయ్యం పట్టడం, గాలి సోకడం అనేవి వేరే సంగతులు. అవి వదిలించుకోవాల్సినవి, శిగం పిలిపించుకునేది. పిలిచినదాన్ని కూర్చోబెట్టి అడుగుతారు, పిలవనిదాన్ని వెళ్లగొడతారు. ఈ తేడాను శాస్త్రవేత్తలకన్నా ముందే ఊరు గుర్తుపెట్టుకుంది.

మానవశాస్త్రంలో మరో విభజన ఉంది. ఒళ్లు ఊగడం, చూపు నిలిచిపోవడం, నొప్పి తెలియకపోవడం లాంటి శారీరక మార్పు పరవశం. ఆ మార్పుకు ఎవరో లోపలికి వచ్చారని చెప్పే వివరణ పూనకం. రెండూ కలిసే ఉండాలని లేదు. పరవశం లేకుండానే ఫలానా జ్వరం అమ్మవారి పని అనుకోవచ్చు. ఎవరూ పూనకుండానే భజనలో పరవశం కలగవచ్చు. ఎరికా బుర్గిన్యోఁ అనే పరిశోధకురాలు 1973లో వెలువరించిన గ్రంథంలో ప్రపంచవ్యాప్తంగా 488 సమాజాల సమాచారాన్ని పరిశీలించి, 90 శాతం సమాజాల్లో ఏదో ఒక రూపంలో ఇలాంటి పరవశ స్థితికి ఆచారబద్ధమైన చోటు ఉందని తేల్చింది. అంత విస్తారంగా ఉన్నదాన్ని మెదడు లోపంగా చూడడం కష్టం. ఆ తర్వాతి వాదాలు చాలావరకు ఇక్కణ్నుంచే మొదలవుతాయి.

రంగం

తెలుగు నేల మీద అందరూ చూసే పూనకం సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో జరిగే రంగం. ఆషాఢమాసపు బోనాలు గోల్కొండ జగదాంబతో మొదలై, తర్వాత సికింద్రాబాద్‌కు, ఆపైన లాల్‌దర్వాజ సింహవాహినికి చేరుతాయి. సికింద్రాబాద్ గుడి కథ జబ్బుతోనే మొదలవుతుంది. 1813లో కలరా ప్రబలినప్పుడు, సైన్యంతో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఉద్యోగి అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, జనం బతికితే తమ ఊళ్లో విగ్రహం పెడతానన్నాడని, 1815లో తిరిగి వచ్చి కర్ర విగ్రహం నిలిపాడని స్థల చరిత్ర చెబుతుంది. 2014లో బోనాలు తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాయి.

ఆదివారం బోనాలు ముగిశాక సోమవారం పొద్దున రంగం. వంశపారంపర్యంగా ఒకే కుటుంబం నుంచి వచ్చే అవివాహిత స్త్రీ, ఒళ్లంతా పసుపుతో, చేత వేపమండలతో, అమ్మవారికి ఎదురుగా కాల్చని పచ్చికుండ మీద నిలబడుతుంది. మాతంగేశ్వరి ఆమెలోకి వచ్చిందని నమ్మకం. డప్పులు ఆగుతాయి. పూజారి అడగడం మొదలుపెడతాడు: పూజలు నచ్చాయా తల్లీ, వానలు పడతాయా, పంటలెట్లా ఉంటాయి, రోగాలొస్తాయా? ఆమె జవాబులు చెబుతుంది. పక్కన మంత్రులు, అధికారులు, ఎదురుగా టీవీ కెమెరాలు ఉంటాయి. మర్నాడు పత్రికలు భవిష్యవాణి పేరుతో దాన్ని వేస్తాయి. 2020లో కరోనా వల్ల జనం లేకుండానే రంగం జరిగింది. ఆ ఏడు మహమ్మారి ప్రస్తావన రాకుండా ఎలా ఉంటుంది?

భవిష్యవాణి నిజమైందా అని లెక్కపెట్టేవాళ్లు ఒక విషయం వదిలేస్తారు. ఆ మాటల్లో జోస్యం కన్నా ఫిర్యాదే తరచు ముందుంటుంది. నా పూజలు సరిగా చేయడం లేదు, నా బిడ్డలను బాధపెడుతున్నారు, అయినా నేను కాపాడుతాను. ఏడాదికోసారి ఒక దళిత స్త్రీ కుండ మీద నిలబడి గుడి పెద్దల్ని, ప్రభుత్వాన్ని నిలదీస్తుంటే వాళ్లు చేతులు కట్టుకుని వింటారు. ఎవరి మాట అది అన్న ప్రశ్నకు ఆచారం ముందే జవాబు సిద్ధం చేసి పెట్టింది: ఆమెది కాదు, అమ్మది. అందుకే అంత మాట అనగలుగుతుంది.

ఇది కొత్త ఏర్పాటు కాదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేసిన మిషనరీ ఎల్మోర్ తన పుస్తకంలో, ఎడ్గర్ థర్‌స్టన్ 1909 నాటి సంపుటాల్లో మాతంగి గురించి రాశారు. జాతర రోజున మాతంగిగా నిలిచే మాదిగ స్త్రీ ఊళ్లో తిరుగుతూ పెద్ద కులాల వాళ్లను తిట్టేది, వాళ్లమీద ఉమ్మేది. వాళ్లు దాన్ని పవిత్రంగా భావించి ఎదురు వచ్చేవాళ్లు. జాతర అయిపోయాక ఆమె వాడకు ఆమె, వాళ్ల ఇళ్లకు వాళ్లు.

ఇంటి ముందు జరిగేది

రంగం ఏడాదికోసారి. శిగం ఎక్కువగా కనబడేది వీధుల్లో, ఇళ్ల ముందు. హయత్‌నగర్ దాటి అబ్దుల్లాపూర్‌మెట్, బాటసింగారం వైపు విజయవాడ రహదారి వెంట పల్లెలు ఇప్పుడు గోదాములతో, కాలనీలతో నగరంలో కలిసిపోతున్నాయి. అయినా శ్రావణంలోనో ఆషాఢంలోనో పోచమ్మకు, కట్టమైసమ్మకు, ఎల్లమ్మకు బోనం వెళ్తూనే ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో, ఈ శివారుల్లో శిగం నడిచే తీరు దాదాపు ఒకటే. అందుకని ఒక మామూలు సందర్భం తీసుకుందాం.

బోనమెత్తే ఇల్లాలు పొద్దున్నుంచి ఒక్కపొద్దు ఉంటుంది. తల మీద బోనం, దాని మీద దీపం, వేపకొమ్మలు. ముందు డప్పుల దరువు, ఎండ, సాంబ్రాణి పొగ. గుడి దగ్గరయ్యే కొద్దీ దరువు మారుతుంది, డప్పు కొట్టేవాళ్లు ఆమెకు ఎదురు తిరిగి దగ్గరగా వాయిస్తారు. ఆమె అడుగు తడబడుతుంది, బోనాన్ని ఎవరో అందుకుంటారు, కొప్పు విడిపోతుంది, తల తిప్పుతూ ఊగుతుంది. అప్పుడు ఒక పెద్ద మనిషి ముందుకొస్తాడు. ఒగ్గు పూజారి కావచ్చు, శివసత్తి కావచ్చు, ఇంట్లో ముసలామె కావచ్చు.

“ఎవరివి తల్లీ? పోచమ్మవా, ఎల్లమ్మవా?”

మొదట జవాబు రాదు. మళ్లీ అడుగుతారు. నుదుట బండారి పెడతారు. పేరు చెప్పాక తర్వాతి ప్రశ్న: “ఏం తప్పు జేసినం తల్లీ, చెప్పు.”

“నన్ను యాది మరిచిండ్రు బిడ్డా. మూడేండ్లాయె నా బోనం లేదు.”

ఇక్కడ గమనించాల్సింది సంబోధన. ఒక గంట క్రితం అత్తముందు తల వంచుకున్న కోడలు ఇప్పుడు అత్తను బిడ్డా అంటోంది, మామను కొడుకా అంటోంది. అత్త చేతులు జోడించి, వచ్చే ఏడు తప్పకుండా తీరుస్తం తల్లీ అంటోంది. మొక్కు ఏమిటో, ఎప్పటిలోగా తీర్చాలో, ఎవరు ఖర్చు పెట్టాలో అక్కడికక్కడే తేలుతుంది. కొన్నిసార్లు ఇంట్లో అన్నదమ్ముల తగువు కూడా ఆ మాటల్లో బయటపడుతుంది. ఒప్పందం కుదిరాక సాక పోస్తారు, హారతి ఇస్తారు, నిమ్మకాయ దిష్టి తీస్తారు. ఆమె ఒక్కసారిగా వాలిపోతుంది, నీళ్లు తాగిస్తారు. ఏమైందని అడిగితే నాకేం యాదికి లేదంటుంది. తన నోట వచ్చిన మాటలు ఆమెకు పక్కవాళ్లే చెప్పాలి.

ఇలా వచ్చిన ప్రతి ఊగడాన్నీ జనం నమ్ముతారనుకుంటే పొరపాటు. దొంగ శిగం అన్న మాట అందరికీ తెలుసు. అడిగినదానికి అతుకు లేని జవాబులు చెప్పినా, తనకు లాభమయ్యేదే కోరినా, అమ్మ అడగని కోరికలు అడిగినా, కల్లు వాసన దేవత కన్నా ముందే వచ్చినా పెదవి విరుస్తారు. అరచేతిలో కర్పూరం వెలిగించి చూసే అలవాటు కూడా ఉంది. పోతరాజు విషయంలో ఇది ఇంకా మెలికగా ఉంటుంది. అమ్మవార్ల తమ్ముడిగా ఒళ్లంతా పసుపు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడాతో ముందు నడిచే ఆ పాత్రకు ఇప్పుడు జిమ్ముల్లో ఒళ్లు పెంచిన యువకులను కుదుర్చుకుంటున్నారు. డబ్బు తీసుకుని వచ్చినవాడు కూడా దరువు మధ్యలో నిజంగానే ఊగిపోవచ్చు. నటన, నిజం అని రెండు గళ్లు గీసి అతన్ని ఒకదాంట్లో పెట్టడం కుదరదు.

శివసత్తులది మరో స్థాయి. మల్లన్నకో ఎల్లమ్మకో అంకితమైన ఈ స్త్రీలకు, స్త్రీ వేషం ధరించే కొందరు పురుషులకు కూడా, శిగం జీవితకాలపు పని. సంక్రాంతి తర్వాత తొలి ఆదివారం కొమురవెల్లిలో హైదరాబాద్ భక్తులు వెళ్లే పట్నం వారంనాడు వాళ్లను గుంపులుగా చూడవచ్చు. మహాశివరాత్రి రాత్రి ఒగ్గు పూజారులు రంగుల పొడులతో నేల మీద పెద్దపట్నం వేసి, మల్లన్నను పిలుస్తూ కథ పాడుతుంటే, శివసత్తులు ఊగుతూ ఆ పట్నం తొక్కుతారు. ఓరుగల్లు వీధుల్లో మైలార దేవుడి భక్తులు చేసే సాహసాలను 15వ శతాబ్దపు క్రీడాభిరామం వర్ణించింది. మైలారుడే ఈ మల్లన్న.

ఎందుకు వస్తుంది

తేలికగా తట్టే వివరణ శరీరం. ఉపవాసం, ఎండ, గుంపు, తల తిప్పడం, వేగంగా ఊపిరి పీల్చడం, డప్పు. 1962లో ఆండ్రూ నెహర్ అనే పరిశోధకుడు డప్పు దరువు మెదడు తరంగాలను తన లయలోకి లాగుతుందని వాదించాడు. ఫ్రెంచి సంగీత పండితుడు జిల్బర్ రూజే 1980లో దీన్ని తోసిపుచ్చాడు. డప్పే కారణమైతే ఆఫ్రికా సగం ఏడాది పొడుగునా పూనకంలోనే ఉండాలి కదా అన్నది ఆయన అభ్యంతరం. మన దగ్గరా అంతే. రోజూ డప్పు కొట్టేవాడికి శిగం రాదు, ఎదురుగా నిలబడ్డ ఇల్లాలికి వస్తుంది. పెళ్లి ఊరేగింపులో అదే డప్పుకు ఎవరికీ రాదు. దరువు తలుపు తీయగలదేమో కానీ, ఎవరు రావాలో, ఎప్పుడు వెళ్లాలో నిర్ణయించలేదు. మీదికొచ్చింది పోచమ్మ కావడం, ఆమె మూడేళ్ల బోనం అడగడం ఊపిరితిత్తుల లెక్కలోకి రావు.

రెండో వివరణ సమాజం. ఐ.ఎం. లూయిస్ 1971లో పూనకాలను రెండుగా విడదీశాడు. ఊరంతటి నీతిని కాపాడే దేవత పెద్దవాళ్ల మీదికి రావడం ఒకటి. స్త్రీలు, పేదలు లాంటి నోరు లేనివాళ్ల మీదికి ఊరి నీతితో సంబంధంలేని ఆత్మలు రావడం రెండోది. దీన్ని ఆయన పరోక్ష నిరసనగా చూశాడు. కోడలు అత్తను బిడ్డా అని పిలిచే దృశ్యానికి ఇది చక్కగా అతుకుతుంది. కానీ రంగం దగ్గర ఈ గీత చెరిగిపోతుంది. నిలబడింది అంచున ఉన్న కులపు స్త్రీ, మాట్లాడేది ఊరంతటి దేవత. పైగా శిగం వచ్చేవాళ్లంతా అణిగిమణిగి ఉన్నవాళ్లే కారు, ఇంట్లో పెత్తనం చేసే ముసలమ్మలకూ వస్తుంది. నిరసనే అసలు పని అయితే ఫలితం కనబడాలి. మాతంగిని వందేళ్లుగా పూజిస్తూనే ఆమె కులాన్ని ఊరి బయట ఉంచారు.

ఈ వ్యాస రచయితకు ఎక్కువ పనికొచ్చేదిగా కనబడేది మైఖేల్ లాంబెక్ చూపిన దారి. హిందూ మహాసముద్రంలోని మాయోట్ దీవిలో పనిచేసి 1981లో ఆయన రాసినదేమిటంటే, పూనకాన్ని ఒక మనిషి లోపల జరిగేదిగా కాక ముగ్గురి మధ్య సంభాషణగా చూడాలి. పూనిన శక్తి, పూనకం వచ్చిన మనిషి, ఎదుట కూర్చుని అడిగేవాళ్లు. మనిషి మెలకువలో ఉండగా శక్తి ఉండదు, శక్తి వచ్చినప్పుడు మనిషి ఉండదు. ఇద్దరి మధ్య వార్తలు మోసేది అడిగినవాళ్లే. ఇంటి ముందు జరిగిన సంగతిని మళ్లీ చూస్తే, నాకేం యాదికి లేదన్న మాటకు ఎంత పని ఉందో అర్థమవుతుంది. ఆ మాట వల్ల కోడలు అత్తకు జవాబుదారీ కాదు, అత్త కోడలి మీద కోపం పెట్టుకోలేదు, మొక్కు మాత్రం నిలిచి ఉంటుంది. ఎవరివి తల్లీ అని అడిగే మనిషి లేకపోతే అక్కడ ఊగడం ఉంటుంది, శిగం ఉండదు. ఉత్తర సూడాన్ స్త్రీల జార్ పూనకాల మీద 1989లో రాసిన జానిస్ బోడీ కూడా ఇదే తోవలో, పూనకానికి ఒక ఉపయోగం అంటగట్టి ముగించే అలవాటును ప్రశ్నించింది.

మిగిలిన వివరణ దుఃఖం. శ్రీలంకలో కతరగామ యాత్రికురాళ్ల జడలు కట్టిన జుట్టు మీద గణనాథ ఒబేశేఖర 1981లో రాసిన పుస్తకం, ఒక స్త్రీ సొంత వేదన అందరికీ తెలిసిన మతచిహ్నంగా ఎలా మారుతుందో చూపింది. తెలుగులో దీనికి సాటి రాజమండ్రి. చిన్న వయసులో చనిపోయిన పిల్లలు వీరభద్రుడి రూపంలో తల్లి మీదికో దగ్గరి బంధువు మీదికో వచ్చి మాట్లాడే ఆచారాన్ని డేవిడ్ నైప్ అక్కడ చూసి, 1989లో ప్రచురించాడు. బిడ్డ తనకు చోటు కావాలని అడుగుతుంది. ఇంట్లో పూజ ఏర్పడుతుంది, విభూతి పండులో ఆ బిడ్డను చూసుకుంటారు, శివరాత్రికి ఊరేగింపుగా గోదావరికి వెళ్తారు. ఈ బంధం ఏళ్ల తరబడి సాగుతుంది. వైద్యుడు దీన్ని తీరని శోకం అనవచ్చు. ఆ మాట తప్పు కాదు. కానీ ఆ తల్లికి తెలిసింది వేరు: బిడ్డ పోయినా పెరుగుతోంది.

జబ్బు అన్న మాట ఎక్కడ పనికొస్తుంది

వలస కాలపు వైద్యులు పూనకాన్ని మూర్ఛ అనో, హిస్టీరియా అనో రాసేవాళ్లు. నేటి మనోవైద్యం అంత తొందరపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992 వర్గీకరణలో పరవశ, పూనక రుగ్మతలకు ఒక పద్దు ఉంది. కానీ మనిషి కోరకుండా వచ్చి, మతాచారాల పరిధి దాటి, బతుకుకు అడ్డం వచ్చినప్పుడే ఆ పేరు పెట్టాలని షరతు ఉంది. 2022లో అమల్లోకి వచ్చిన కొత్త వర్గీకరణలోనూ, అమెరికా మనోవైద్యుల 2013 నాటి పుస్తకంలోనూ ఆచారబద్ధమైన పూనకాన్ని జబ్బుగా లెక్కించవద్దనే ఉంది. అంటే రోగ నిర్ణయం చేసే వైద్యుడు కూడా ముందు ఊరి ఆచారం తెలుసుకోవాలి.

జబ్బు అనే పేరు కొన్నిసార్లు నోరు మూయించే సాధనం అవుతుంది. మలేసియాలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల ఆడపిల్లలకు పని మధ్యలో ఆత్మలు పూనడం గురించి ఐవా ఓంగ్ 1987లో రాసింది. యాజమాన్యాలు దాన్ని హిస్టీరియాగా తేల్చి మత్తుమందులిచ్చి ఇంటికి పంపేవి. పనిగంటల గురించి, పర్యవేక్షకుల గురించి అడగాల్సిన ప్రశ్న ఆ మందుచీటీతో మూతబడింది.

అయితే దీనికి ఎదురు ఉదాహరణ మన పక్కనే ఉంది. 1980లలో మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి భయం పాకింది. స్త్రీలు అరిచేవాళ్లు, వంకర్లు తిరిగేవాళ్లు, ఫలానావాడు చేతబడి చేశాడని పేరు చెప్పేవాళ్లు. పేరొచ్చినవాళ్ల మీద ఊరు విరుచుకుపడేది. వైద్యులు, మనస్తత్వ నిపుణులు, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఊళ్లు తిరిగి, ఇది జబ్బు, మంత్రం కాదు అని చెప్పారు. ఇక్కడ జబ్బు అన్న మాట నిందపడ్డవాళ్లకు రక్షణ. పూనకాన్ని రోగానికి కుదించవద్దు అన్న సూత్రాన్ని బాణామతికి గుడ్డిగా వర్తింపజేస్తే ఆ రక్షణ పోతుంది. రెండింటికీ తేడా ఒళ్లు ఊగే తీరులో కనబడదు; వచ్చినదానితో ఊరు ఏం చేస్తోందన్న దాంట్లో కనబడుతుంది. శిగంలో మొక్కు అడుగుతారు. బాణామతిలో మనిషి పేరు అడుగుతారు.

ఒంటిలో కనబడే తేడాలు కూడా కొన్ని ఉన్నాయి, ఇంటివాళ్లు వాటిని చాలావరకు పసిగడతారు. శిగానికి వేళ ఉంటుంది, మొదలు, ముగింపు ఉంటాయి. ఊగేవాళ్లు గుంపులోనూ పిల్లల్ని తొక్కరు, అడిగిన ప్రశ్నకు తిరుగుతారు, హారతితో దిగుతారు. జాతర లేని రోజున, నిద్రలోనో వంట దగ్గరో పడిపోయి, నాలుక కరుచుకుని, బట్టల్లో మూత్రం పోతే అది మూర్ఛ; నరాల వైద్యుడి పని. రోజుల తరబడి దిగకుండా, నిద్ర తిండి మానేసి, ఎవరూ అడగకపోయినా తనలో తాను మాట్లాడుతూ ఉంటే పూజారే ఇది నాతో అయ్యేది కాదంటాడు. చికిత్స కోసం వచ్చినవాళ్లను ఆచారం పేరుతో బంధిస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎరవాడిలో తెలిసింది. దర్గా పక్కన ఒక ఆశ్రయంలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు.

పరిశోధకుడు రాసుకోవాల్సినవి అందుకే చాలా మామూలు విషయాలు. ఎప్పుడు మొదలైంది, ఎవరి ముందు, ముందుగా అడిగింది ఎవరు, పేరు చెప్పడానికి ఎంతసేపు పట్టింది, ఏం కోరింది, ఎవరు ఒప్పుకున్నారు, దిగాక ఆమెకు ఎవరు ఏం చెప్పారు, మొక్కు తీరిందా. వచ్చింది నిజంగా దేవతేనా అన్న ప్రశ్నకు ఈ వివరాలు జవాబు చెప్పవు, చెప్పనక్కర్లేదు కూడా. నమ్మేవాడికీ నమ్మనివాడికీ అక్కడ జరిగిన మాటామంతీ ఒకటే.

ఒకటి మాత్రం ఈ పద్ధతిలోనూ జారిపోయే ప్రమాదం ఉంది. అర్థం వెతికే ఉత్సాహంలో ఆ స్త్రీ రోజువారీ బతుకు కనుమరుగవుతుంది. దేవతకు అంకితం చేసే ఆచారాన్ని, దానితో వచ్చే దోపిడీని ఆపడానికి ఆంధ్రప్రదేశ్ 1988లో దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది. తెలంగాణలో జోగినులుగా పిలిచేవాళ్లు దాని పరిధిలోకి వస్తారు. జాతరలో వాళ్ల శిగానికి చేతులు జోడించిన ఊరే, వాళ్లకు పెళ్లి లేకుండా చేసి, పెద్ద కులాల మగవాళ్లకు లోబడి బతకమంది. చట్టం వచ్చాక అంకితం నేరమైంది, కానీ అప్పటికే అంకితమైనవాళ్లకు జాతరల్లో ఆడడం, ఇంటింటికీ తిరిగి అడుక్కోవడం తప్ప వేరే జీవనోపాధి చాలామందికి లేదు.